పొటాషియం 6.9: ఒక ల్యాబ్ టెక్నీషియన్ కేసు

వసంతకు 29 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ టెక్నీషియన్. బీఎస్సీ ఎంఎల్‌టీ చదివి ఏడేళ్లుగా ఇదే పనిలో ఉంది. మానసిక చికిత్స కోసం ఆమెను నా దగ్గరికి తీసుకొచ్చింది వాళ్ల అక్క. "నిద్రపోదు మేడం, సరిగ్గా తినదు. రాత్రి పన్నెండుకు ల్యాబ్‌కు ఫోన్ చేసి ఫలానా శాంపిల్ ఇంకోసారి చూడన్నా అంటాది. ఉద్యోగం మానుకోమంటే ఏడుస్తాది" అని అక్క చెప్పింది. వసంత మాత్రం చాలాసేపటికి ఒక్క మాట అంది: "నా మీద నాకే నమ్మకం పోయింది మేడం."

ఈ కేసు రాయడానికి ఆమె రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది. పేరు, కుటుంబం, పని వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. చికిత్స నడిచిన తీరు మార్చలేదు.

పర్ఫెక్షనిజంతో వచ్చేవాళ్లలో ఎక్కువ మంది పరీక్షలు రాసే పిల్లలే. వాళ్ల కేసులు వదిలి ఈమె కేసు ఎంచుకోవడానికి కారణం ఉంది. విద్యార్థితో "రెండు మార్కులు తగ్గితే ఏమవుతుంది" అని ఎవరైనా అనగలరు. రక్తపరీక్ష చేసే మనిషితో "చిన్న తప్పు జరిగితే పర్వాలేదులే" అని అనలేం, అనకూడదు కూడా. ఆమె ప్రమాణం ఎక్కువగానే ఉండాలి. ప్రమాణాన్ని ముట్టుకోకుండా మనిషిని బయటికి తేవచ్చా అన్న ప్రశ్నకు ఇలాంటి ఉద్యోగంలోనే సరైన జవాబు దొరుకుతుంది.

జరిగింది ఏమిటి

నా దగ్గరికి రావడానికి ఐదు నెలల ముందు ఒక సోమవారం. కర్నూలు ల్యాబుల్లో సోమవారం పొద్దున ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఎమ్మిగనూరు, డోన్, ఆత్మకూరు బస్సుల్లో పరగడుపున వచ్చినవాళ్లు, నది అవతల అలంపురం నుంచి వచ్చినవాళ్లు ఏడు గంటలకే వరుసలో ఉంటారు. ఆ రద్దీలో ఒక పెద్దాయన శాంపిల్‌లో పొటాషియం 6.9 వచ్చింది. మామూలుగా అది 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. 6.9 అంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉన్న విలువ. రిపోర్టు వెళ్లిపోయింది. డాక్టరుకు అనుమానం వచ్చి ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ పంపారు. ఈసారి 4.2 వచ్చింది.

మొదటి శాంపిల్ హిమోలైజ్ అయింది. నరం దొరకక సూదిని అటూ ఇటూ తిప్పినా, సిరంజిలోని రక్తాన్ని సూదిలోంచే ట్యూబులోకి గట్టిగా నెట్టినా ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ కణాల లోపల పొటాషియం బయటి ద్రవంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అది సీరంలోకి, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవంలోకి చేరితే మిషన్ ఉన్నదాన్ని ఉన్నట్టే కొలుస్తుంది, కానీ ఆ అంకె రోగి ఒంట్లో ఉన్నది కాదు. ట్యూబులను వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్ నుంచి తీసినప్పుడు సీరం కొంచెం గులాబీ రంగులో ఉండటం వసంత చూసింది. చూసి కూడా రద్దీలో ముందుకు పంపింది.

అంటే తప్పు నిజంగా జరిగింది, అది ఆమె చేతిలోనే జరిగింది. ఈ సంగతి మొదటి రోజే ఆమెతో స్పష్టంగా మాట్లాడాను. అంతవరకు అందరూ "నీ తప్పేం లేదు" అన్నవాళ్లే. తప్పు ఉందని ఆమెకు తెలుసు కాబట్టి, ఆ ఓదార్పు విన్న ప్రతిసారీ ఇంకా ఒంటరిదైపోయింది.

పెద్దాయనకు ఏ హానీ జరగలేదు. ల్యాబ్‌లో ఇన్సిడెంట్ ఫారం నింపారు, పాథాలజిస్టు డాక్టరుకు ఫోన్ చేసి విషయం చెప్పారు, రెండు రోజుల్లో అందరూ మరిచిపోయారు. వసంత ఒక్కతే మరవలేదు. ముందు పొటాషియం శాంపిళ్లన్నీ రెండోసారి నడపడం మొదలుపెట్టింది. తర్వాత తేడాగా కనిపించిన ప్రతి రిపోర్టూ. ఆ తర్వాత మామూలుగా ఉన్నవి కూడా. సాయంత్రం ఆరుకు అయిపోవాల్సిన డ్యూటీ తొమ్మిది దాటేది. ఇంటికొచ్చాక ఆ రోజు పంపిన రిపోర్టులను మనసులో వరసగా చదువుకునేది, ఏదో ఒకటి గుర్తు రాకపోతే రాత్రి డ్యూటీలో ఉన్నతనికి ఫోన్ చేసేది. సెక్షన్ ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయితే దరఖాస్తు పెట్టలేదు. పరీక్షలకు వాడే రియేజెంట్లు ముందే అయిపోతున్నాయని, రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని యజమాని రెండుసార్లు పిలిచి అడిగాడు. ఆ మాటలను కూడా ఆమె తన అసమర్థతకు సాక్ష్యంగానే వేసుకుంది.

ఇది ఏమిటి, ఏది కాదు

పదే పదే సరిచూడటం కనిపించగానే ఓసీడీ అనుకోవడం సులువు. అందుకే ముందు అది తేల్చుకోవాలి. ఇంట్లో గ్యాస్, తాళం, చేతులు కడగడం దగ్గర ఏ ఇబ్బందీ లేదు. ఆమె వద్దనుకున్నా మనసులోకి తోసుకొచ్చే భయంకరమైన ఊహలు లేవు, లెక్క ప్రకారం చేసే తంతులు లేవు. తన పనితనం మీద తీర్పు పడే చోట మాత్రమే సరిచూడటం ఉంది. "చూడకపోతే ఏమవుతుంది" అని అడిగితే ఓసీడీ ఉన్నవాళ్లు సాధారణంగా జరగబోయే ఆపద గురించి చెబుతారు. వసంత చెప్పింది వేరు: "చూడకుంటే నేను నిర్లక్ష్యం మనిషినని తేలిపోతాది." ఆమె భయమంతా తను ఎలాంటి మనిషో తేలిపోవడం గురించే. ఈ ఒక్క జవాబుతోనే నిర్ధారణ చేయలేం, కానీ వెతకాల్సిన దిక్కు తెలుస్తుంది.

డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో ఆమెకు 27కు 13 వచ్చింది, అంటే మధ్యస్థాయి డిప్రెషన్. చనిపోవాలన్న ఆలోచనల గురించి విడిగా, సూటిగా అడిగాను, లేవంది. అవి ఉంటే, లేదా డిప్రెషన్ తీవ్రంగా ఉంటే, పర్ఫెక్షనిజం పని పక్కనపెట్టి ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి.

తర్వాత పర్ఫెక్షనిజాన్ని కొలిచే ఫ్రాస్ట్ స్కేలు వాడాను. ఇది ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. అన్నీ సక్కగా ఉండాలనుకునేవాళ్లందరూ ఒకే రకం కాదని 1978లో డాన్ హమాచెక్ అనే అమెరికన్ సైకాలజిస్టు రాశాడు. కొందరు కష్టమైన లక్ష్యం పెట్టుకుని, పని బాగా వస్తే సంతోషిస్తారు, సందర్భాన్ని బట్టి పట్టు సడలించగలరు. మరికొందరికి ఎంత చేసినా చాలదు. 1990లో ర్యాండీ ఫ్రాస్ట్, సహచరులు 35 ప్రశ్నల కొలత తయారుచేశారు. అందులో వ్యక్తిగత ప్రమాణాలు ఒక భాగం, తప్పుల గురించిన ఆందోళన ఇంకో భాగం, చేసిన పని మీద అనుమానం మరొకటి. తల్లిదండ్రుల అంచనాలు, వాళ్ల విమర్శ, క్రమపద్ధతి మిగతా భాగాలు. ఇవి వేరువేరు అంకెలుగా రావడమే ఆ కొలతలో నాకు పనికొచ్చే సంగతి.

ప్రశ్నలను తెలుగులో చదివి వినిపించి నింపించాను. తెలుగువాళ్లకు సగటు ఎంత అన్న పట్టిక నా దగ్గర లేదు కాబట్టి ఆమెను ఇంకెవరితోనూ పోల్చలేదు. తర్వాత ఆమెతోనే ఆమెను పోల్చడానికి దాచుకున్నాను. వ్యక్తిగత ప్రమాణాల్లో 35కు 29. తప్పుల ఆందోళనలో 45కు 38. అనుమానంలో 20కి 17.

మూడూ ఎక్కువే. వాటిని చూసి "ఈమె మరీ ఎక్కువ ఆశిస్తోంది, కొంచెం తగ్గించుకుంటే చాలు" అనుకునే ప్రమాదం ఉంది. ఆ నిర్ణయానికి వచ్చే ముందు చూడాల్సినవి రెండు ఉన్నాయి: తప్పు జరిగిన తర్వాతి గంటలు, పని బాగా జరిగిన తర్వాతి గంటలు. ప్రమాణం ఎంత ఎత్తులో ఉందో చూస్తే అది ఉపయోగపడేదో హాని చేసేదో తెలియదు. ఈ రెండు చోట్లా తెలుస్తుంది.

తప్పు తర్వాత ఏం జరిగిందో పైన చూశాం. రెండోది అడిగేవాళ్లు తక్కువ. బయటి సంస్థ నుంచి ప్రతి నెలా ల్యాబుకు తెలియని శాంపిళ్లు వస్తాయి. వాటి ఫలితాలు పంపితే మిగతా ల్యాబులతో పోల్చి మార్కులు వేస్తారు. వెల్లూరు సీఎంసీ నడిపే ఈక్వాస్ అలాంటిదే. వసంత చేసిన నెల అన్ని పరీక్షలూ పరిమితుల్లోనే వచ్చాయి. పాథాలజిస్టు అందరి ముందూ మెచ్చుకున్నారు. "ఆ రోజు ఎట్ల అనిపించింది?" అని అడిగాను. "ఆ నెల శాంపిళ్లు సులువుగా ఉండినాయి మేడం. అది ఎవురైనా చేస్తారు. పైనెల ఎట్లుంటాదో అని భయం పట్టుకుంది" అంది.

2002లో రోజ్ షాఫ్రాన్, క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తదితరులు రాసిన వివరణకు ఈ జవాబు సరిగ్గా సరిపోతుంది. వాళ్లు చెప్పింది ఇది: మనిషి తన విలువనంతా ఒకటి రెండు రంగాల్లోని గెలుపు మీద మోపుతాడు. ప్రమాణాన్ని అందుకోకపోతే "నేను విఫలుణ్ని" అంటాడు. అందుకుంటే "ప్రమాణమే తక్కువ" అని దాన్ని ఇంకా పైకి జరుపుతాడు. రెండు దారుల్లోనూ ఓటమే. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా వదలలేడు. ఎక్కువ ప్రమాణం పెట్టుకున్న ఆరోగ్యవంతుడికి గెలుపు ఎక్కడో ఒక చోట లోపలికి వెళ్తుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది. వసంతకు ఏడేళ్లలో ఒక్క మంచి రోజు కూడా ఖాతాలో పడలేదు. పొటాషియం రిపోర్టు ఈ వ్యవస్థను పుట్టించలేదు, బయటపెట్టింది.

ఒప్పందం

చికిత్స మొదట్లోనే ఆమె అడిగింది: "మీరు నన్ను పట్టించుకోకుండా ఉండమంటారా? అట్లయితే నాకొద్దు." ఈ రంగంలో చాలామంది మధ్యలో మానేయడానికి కారణం ఈ భయమే. చికిత్స అంటే తమలో ఉన్న మంచిని కోసేయడం అనుకుంటారు. ప్రమాణాలు తగ్గించే పని చేయనని ఆమెకు మాట ఇచ్చాను. ప్రమాణం ఎవరు రాసింది, అది దేన్ని కాపాడుతోంది అని మాత్రం ఇద్దరం కలిసి చూస్తామని చెప్పాను.

ల్యాబ్ గోడమీద ఉన్న, పరీక్షల నాణ్యతను రోజూ సరిచూసే క్యూసీ చార్టు గురించి నాకు చెప్పమని అడిగాను. ఆ సెషన్‌లో ఎక్కువసేపు మాట్లాడింది ఆమే, గొంతు కూడా మారింది. రోజూ పొద్దున రోగుల శాంపిళ్లకు ముందు రెండు స్థాయిల కంట్రోళ్లు నడుపుతారు. వాటి విలువ ముందే తెలుసు. వచ్చిన అంకెను చార్టు మీద చుక్కగా పెడతారు. అంకెలు మామూలుగా సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలత ఎస్‌డీ. సగటు గీతకు అటూ ఇటూ రెండు ఎస్‌డీల లోపల ఉంటే పని మొదలు. రెండు దాటితే హెచ్చరిక, మిగతా నియమాలు చూస్తారు. మూడు దాటితే రిపోర్టులు ఆపి కారణం వెతుకుతారు.

"చుక్కలన్నీ సరిగ్గా సగటు గీత మీదే పడితే?" అని అడిగాను.

వసంత నవ్వింది, నా దగ్గర మొదటిసారి. "అట్ల పడవు మేడం. పడితే ఎవురో దొంగ చుక్కలు పెట్టినారని అర్థం."

పదిహేను పరీక్షలకు రెండేసి కంట్రోళ్లంటే రోజుకు ముప్పై చుక్కలు. మిషన్‌లో ఏ లోపమూ లేకపోయినా వాటిలో ఒకటో రెండో రెండు ఎస్‌డీల గీత దాటతాయి, అది సంఖ్యల స్వభావం. ఈ లెక్క ఆమెకు నాకంటే బాగా తెలుసు. కాగితం మీద తన ల్యాబ్ నియమం ఒక పక్క, తన నియమం ఒక పక్క రాయమన్నాను. ల్యాబ్ నియమం: మిషన్ హెచ్చరికగా ఫ్లాగ్ ఇచ్చినా, ప్రమాదకర విలువ వచ్చినా, అదే రోగి పాత రిపోర్టుతో పొంతన లేకపోయినా, ఆ రోజు క్యూసీ తప్పినా శాంపిల్ నాణ్యత చూసి మళ్లీ నడపాలి. తన నియమం: "నాకు పూర్తిగా నమ్మకం కలిగేదాంకా నడపాలి." రాసి, తనే కాసేపు చూసి, "దీనికి గీత లేదు" అంది.

ప్రమాణానికి గీత ఉంటుంది. దాటినదీ దాటనిదీ ఇంకొకరు కూడా చూసి చెప్పగలరు. నమ్మకం కలిగేదాకా అన్నదానికి కొలత ఆమె ఆందోళనే, ఆందోళన ఎప్పుడు తగ్గాలో ఏ చార్టూ చెప్పదు.

పరీక్షకు పెట్టిన రెండు వారాలు

మాటలతో ఇక్కడిదాకే వస్తాం. నమ్మకం మారాలంటే అంచనా వేసి, చేసి, చూడాలి. రోగుల రిపోర్టులతో కూడిన పని కాబట్టి వసంత అనుమతితో పాథాలజిస్టుతో మాట్లాడాను. ప్రయోగం కోసం నాణ్యతలో ఏ మెట్టూ తగ్గించలేదు. ఒక రోజు రాతపూర్వక నియమం ప్రకారం, మరుసటి రోజు ఆమె అలవాటు ప్రకారం, ఇలా రెండు వారాలు. రోజూ మూడు సంగతులు రాయాలి: రిపోర్టులు ఎన్నింటికి పూర్తయ్యాయి, మళ్లీ నడపడం వల్ల వైద్యుడి నిర్ణయం మారేంత తేడా ఎన్ని రిపోర్టుల్లో వచ్చింది, ఇంటికెళ్లేటప్పుడు నమ్మకం నూటికి ఎంత. ముందుగా అంచనా రాయించాను. "నియమం రోజుల్లో కనీసం మూడు తప్పు రిపోర్టులు పోతాయి, నమ్మకం 20 కూడా ఉండదు" అని రాసింది.

కాగితాలు తెచ్చినప్పుడు మా ఇద్దరికీ ఎక్కువ నేర్పినవి అలవాటు రోజులు. మళ్లీ నడిపిన ప్రతి శాంపిల్‌లో అంకె కొంచెం మారింది. గ్లూకోజ్ 104 ఉన్నది 106 అయింది, క్రియాటినిన్ 0.9 ఉన్నది 1.0 అయింది. ఏ మిషన్‌లోనైనా అంత ఊగిసలాట ఉంటుంది, వైద్యుడికి అది తేడాయే కాదు. కానీ ఆమెకు ఇప్పుడు ఒక అంకె బదులు రెండు అంకెలు, ఏది నిజమన్న కొత్త ప్రశ్న. దాన్ని తేల్చడానికి మూడోసారి. నమ్మకం కోసం చేసే పనే నమ్మకాన్ని తినేస్తోంది.

మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో ప్రచురించిన ప్రయోగం ఆమెకు ఇక్కడే చెప్పాను. కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ బర్నర్లను తిప్పి సరిచూడమన్నారు. పదే పదే అదే స్టవ్‌ను చూసినవాళ్లకు చివరిసారి చూసింది గుర్తుండటంలో తప్పులేమీ పెరగలేదు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం తగ్గింది. వాళ్లు ఓసీడీ ఉన్నవాళ్లు కాదు, మామూలు విద్యార్థులు. "అయితే నాకు మతిమరుపు రాలేదా?" అని అడిగింది వసంత. రాత్రిళ్లు ఫోన్లు చేయించింది ఆ భయమే.

లెక్కలోకి వస్తే, రెండు వారాల్లో నిజంగా దొరికిన తేడాలు రెండు. ఒకటి హిమోలైజ్ అయిన శాంపిల్, ఇంకోటి పాత రిపోర్టుతో పొంతన లేని సోడియం. రెండూ ల్యాబ్ నియమం ప్రకారమే పట్టుబడ్డాయి. ఆమె అదనంగా నడిపినవాటిలో ఒక్కటి కూడా బయటపడలేదు. పైగా ఒక అలవాటు రోజు రాత్రి ఎనిమిదిన్నరకు, అలిసిపోయి, ఒక ట్యూబును వేరే రోగి స్థానంలో పెట్టబోయి చివరి క్షణంలో చూసుకుంది. నియమం రోజుల్లో నమ్మకం మొదట 30, తర్వాత 45, చివరికి 60. అలవాటు రోజుల్లో 35 దాటలేదు.

ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి ప్రయోగం తర్వాత "చూశారా, ఏ తప్పూ పోలేదు" అని చెప్పి ఆపితే చికిత్స సగంలోనే ఆగిపోయినట్టు. ఏదో ఒక రోజు తప్పు వెళ్తుంది. ఏడేళ్ల అనుభవమున్న ఏ టెక్నీషియన్‌కైనా వెళ్తుంది. ఆ రోజున ఆమె తనతో ఏం మాట్లాడుతుందన్నది ఇంకా ముట్టుకోలేదు.

ఫారంలో లేని గడి

పొటాషియం రోజు నింపిన ఇన్సిడెంట్ ఫారం నమూనా తెమ్మన్నాను. అందులో నాలుగు గడులున్నాయి: ఏం జరిగింది, కారణం ఏమిటి, వెంటనే ఏం చేశారు, మళ్లీ జరగకుండా ఏం మారుస్తారు. దాని పక్కన ఆ రాత్రి తనలో తను అనుకున్న మాటలు రాయమన్నాను. "నువ్వు దీనికి పనికిరావు. ఆయప్ప చచ్చిపోయింటే? ఏడేళ్లు అందరినీ మోసం చేసినావు. నీ బతుకే అంత."

ఈ మాటల్లో ఏది ఏ గడిలోకి వస్తుందో పెట్టమన్నాను. ఒక్కటీ పట్టలేదు. కారణం గడిలో "నేను పనికిరాని దాన్ని" అని రాస్తే మళ్లీ జరగకుండా ఏం మార్చాలో తెలియదు. అదే "సీరం గులాబీగా ఉంది, రద్దీలో ఆపలేదు" అని రాస్తే మార్చాల్సింది కనిపిస్తుంది. నిజానికి ల్యాబ్ మార్చింది కూడా: సెంట్రిఫ్యూజ్ దగ్గర రంగుల పోలిక చార్టు అతికించారు, గులాబీ కనిపిస్తే రక్తం మళ్లీ తీయించే అధికారం టెక్నీషియన్‌కే ఇచ్చారు. ఆ మార్పు సూచించింది ఎవరని అడిగాను. "నేనే" అంది. అది కూడా ఖాతాలో పడలేదు.

ఇక్కడ ఆమె గట్టిగా ఎదురుచెప్పింది, నాకు అది నచ్చింది. "తిట్టుకోకుంటే మనిషికి బద్ధకం వస్తాది మేడం. నన్ను నేను అదిలించుకోబట్టే ఈడిదాంక వచ్చినా." ఇది పర్ఫెక్షనిజం గుండెకాయలాంటి నమ్మకం. దీన్ని తోసిపుచ్చితే మనిషి వినడం మానేస్తుంది. అందుకే దీన్నీ కొలతకు పెట్టాం. ఆమె కింద ఒక కుర్రాడు పని నేర్చుకుంటున్నాడు. అతను లేబుల్ మార్చి పెట్టిన రోజు ఆమె ఏమందో గుర్తుచేసుకోమన్నాను. "లేబుల్ రాసినాక పేరు ఇంకోసారి అడుగు తమ్ముడూ అన్నా." ఆ తర్వాత? "మళ్లా చేయలేదు." బద్ధకం వచ్చిందా? జవాబు లేదు. తర్వాత, "వానికి చెప్పను నేనుండా. నాకెవరున్నారు?" అంది.

అక్కడి నుంచి ఇంటర్ ఫలితాల రోజుకు వెళ్లాం. బైపీసీలో వెయ్యికి 931. కాగితం చూసి నాయన అడిగింది ఒకే మాట: "మిగతా 69 యాడికి పోయినాయి?" ఆయన చెడ్డవాడు కాదు. వాన మీద ఆధారపడిన ఆరెకరాలు, ముగ్గురు పిల్లలు. కూతురికి మెడిసిన్ సీటు రావాలన్న ఆశ తప్ప ఆయనకు వేరే భాష లేదు. ఆయన్ని దోషిగా నిలబెట్టే పని నేను చేయలేదు. ఆ ప్రశ్నను ఇప్పుడు అడుగుతున్నది ఆయన కాదని, పదేళ్లకు పైగా ఆమే అడుగుతోందని చూపించాను.

చేసిన అభ్యాసం చిన్నది. రాత్రి తొమ్మిదికి పది నిమిషాలు, ఆ రోజు జరిగిన ఒక లోపాన్ని నాలుగు గడుల్లోనే రాయాలి. ఐదో గడి లేదు. ఆ కుర్రాడితో మాట్లాడిన గొంతుతోనే రాయాలి. రాశాక ఆ విషయం మూసేయాలి, రాత్రి ఫోన్లు ఉండకూడదు. మరో గీత కింద ఆ రోజు సరిగ్గా జరిగిన పని ఒకటి, "కానీ" అన్న మాట లేకుండా. మొదటి వారం రెండోది రాయలేక ఖాళీగా తెచ్చింది. నాలుగు గడులు రాయడం కంటే ఆ ఒక్క వాక్యానికే ఎక్కువ వారాలు పట్టింది.

తిట్టుకున్న రోజులూ తిట్టుకోని రోజులూ గుర్తుపెట్టమన్నాను. తిట్టుకున్న మరుసటి పొద్దున నిద్ర తక్కువ, పని నెమ్మది, చిన్న పొరపాట్లు ఎక్కువ అని తన రాతల్లోనే కనిపించింది. ఈ లెక్క శాస్త్రీయ అధ్యయనం కాదు, ఒక మనిషి కొన్ని వారాల రాతలు. ఆమెకు కావలసిన సాక్ష్యం మాత్రం అందులో ఉంది.

మూడు నెలల తర్వాత

అదే ఫ్రాస్ట్ స్కేలు మళ్లీ నింపింది. తప్పుల ఆందోళన 38 నుంచి 23కు, అనుమానం 17 నుంచి 10కి దిగాయి. పీహెచ్‌క్యూ-9 ఐదుకు వచ్చింది. వ్యక్తిగత ప్రమాణాలు 29 ఉన్నది 28. ఆ అంకె కదలకపోవడం ఆమెకు చూపించినప్పుడు కాగితం చేతిలోకి తీసుకుని మళ్లీ చదువుకుంది. ఇలాంటి కేసుల్లో నేను వెతికేది ఆ జంటనే: ఒకటి దిగాలి, ఇంకోటి నిలబడాలి. రెండూ కలిసి పడిపోతే మనిషి బాగుపడిందా, విసిగి వదిలేసిందా అని అడగాలి; డిప్రెషన్ పెరుగుతున్నప్పుడు కూడా ప్రమాణాలు పడిపోతాయి.

ఆరు నెలలకు మళ్లీ వచ్చింది. మధ్యలో ఒక తప్పు జరిగింది. ఒకే ఇంటిపేరున్న ఇద్దరి క్రియాటినిన్ రిపోర్టులు తారుమారయ్యాయి. తనే గుర్తించి పది నిమిషాల్లో ఇద్దరు డాక్టర్లకూ ఫోన్ చేసింది, ఫారం నింపింది, మధ్యాహ్నం కాసేపు ఏడ్చింది, ఆరున్నరకు ఇంటికెళ్లింది. ఆ ఒక్క రాత్రి నిద్ర పట్టలేదంది. బాధ పడటం రోగం కాదని, ఒకరి ఆరోగ్యం చేతిలో ఉన్న మనిషికి అంత బాధ ఉండటం సరైనదేనని చెప్పాను. ఇన్‌ఛార్జి పోస్టుకు దరఖాస్తు పెట్టింది. అది ఆమె కంటే సీనియర్‌కు వెళ్లింది. పైసారి మళ్లీ పెడతానంది.

తేలనిది ఒకటి ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిచూపులకు ఎవరైనా వచ్చి వెళ్లిన రాత్రి తను మాట్లాడిన ప్రతి మాటా వెనక్కి తిప్పి, ఎక్కడ తక్కువైందో వెతుకుతోంది. పర్ఫెక్షనిజం ఒక రంగంలో తగ్గి ఇంకో రంగంలో తలెత్తడం కొత్త కాదు, పైగా ఇక్కడ క్యూసీ చార్టు లేదు, రాతపూర్వక నియమం లేదు, ఎదుటివాళ్లు నిజంగానే మార్కులు వేసే చోటు. నాలుగు గడుల కాగితం ఇక్కడ అలాగే సరిపోదు; అవతలివాళ్లు వద్దంటే అందులో సరిదిద్దుకోవాల్సిన లోపం ఉండాలనేం లేదు. వచ్చే నెల నుంచి నెలకు రెండుసార్లు కలవాలని అనుకున్నాం. మొదటి పనిగా, ఈసారి ఎవరైనా వచ్చినప్పుడు ఆమె అబ్బాయిని అడగాలనుకుంటున్న మూడు ప్రశ్నలు రాసుకుని రమ్మన్నాను.